అధిక జ్యేష్ఠం 2026: అమావాస్య ఘడియలకూ సంక్రమణానికీ మధ్య నాలుగున్నర గంటలు

ప్రశ్న: "సంక్రాంతి లేని నెలే అధిక మాసం అంటారు కదా. మా ఇంట్లో 2026 క్యాలెండర్‌లో జూన్ 15న అధిక జ్యేష్ఠ అమావాస్య అని ఉంది, అదే గడిలో మిథున సంక్రమణం అనీ ఉంది. మరి ఆ నెలలో సంక్రాంతి ఉన్నట్టే కదా, అధికం ఎలా అయింది? దీనివల్ల ఏ ఏ పండుగలు ఆలస్యమవుతాయి? అన్నీ సరిగ్గా నెల వెనక వస్తాయా?"

క్యాలెండర్‌లో తప్పు లేదండి. ఆ రోజు అమావాస్య ఉదయం 8 గంటల 24 నిమిషాలకే ముగుస్తుంది. సూర్యుడు మిథునంలో అడుగుపెట్టేది మధ్యాహ్నం 1 గంట ప్రాంతంలో. అంటే సంక్రమణం జరిగే వేళకు అధిక జ్యేష్ఠం అయిపోయి నిజ జ్యేష్ఠం మొదలై నాలుగున్నర గంటలు దాటింది. అధిక మాసం తేలేది తేదీని బట్టి కాదు, రోజును బట్టి కాదు, రెండు క్షణాల్లో ఏది ముందు ఏది తరువాత అన్నదాన్ని బట్టి. ఇక పండుగల సంగతి: జ్యేష్ఠం నుంచి వచ్చే ఉగాది దాకా తిథిని పట్టి చేసుకునేవన్నీ ఆలస్యమవుతాయి. కాకపోతే నిరుటి తేదీలతో పోలిస్తే ఆ ఆలస్యం నెల కాదు, 18, 19 రోజులు.

ముందు నెలకు పేరు ఎలా వస్తుందో చూద్దాం. మన తెలుగువాళ్ల లెక్కలో చాంద్రమాసం ఒక అమావాస్య ముగిసిన క్షణం నుంచి మరుసటి అమావాస్య ముగిసే క్షణం దాకా. ఆ మధ్యలో సూర్యుడు ఏ రాశిలో ప్రవేశిస్తే దాన్ని బట్టి నెలకు పేరు. మేషంలో ప్రవేశిస్తే చైత్రం, వృషభంలో అయితే వైశాఖం, మిథునంలో అయితే జ్యేష్ఠం, కర్కాటకంలో అయితే ఆషాఢం. ఇలా వరసగా వెళ్లి మీనంలో ప్రవేశించే నెల ఫాల్గుణం. రెండు అమావాస్యల మధ్య ఏ ప్రవేశమూ జరగకపోతే ఆ నెలకు సొంత పేరు పుట్టదు. అప్పుడు దాని వెనక వచ్చే నెల పేరునే అరువు ఇచ్చి ముందు "అధిక" అని చేరుస్తారు. అందుకే అధికం ఎప్పుడూ ముందు వస్తుంది, నిజం తరువాత వస్తుంది. జ్యేష్ఠం అయిపోయాక అధిక జ్యేష్ఠం రావడం అన్నది ఉండదు.

ఇప్పుడు 2026 లెక్కను ఇదే కొలతతో నడిపి చూడండి. పరాభవ నామ సంవత్సరంలో చైత్రం మార్చి 19న మొదలైంది. మేష సంక్రమణం ఏప్రిల్ 14న ఆ నెలలోనే పడింది, కాబట్టి అది చైత్రమే. ఏప్రిల్ 17 సాయంత్రం అమావాస్య ముగిసి తరువాతి నెల మొదలైంది. వృషభ సంక్రమణం మే 15 తెల్లవారాక పడింది, అది వైశాఖం. ఆ వైశాఖ అమావాస్య ముగిసింది మే 16 అర్ధరాత్రి దాటాక, అంటే మే 17న 1 గంట 31 నిమిషాలకు. సూర్యుడు వృషభంలోకి వెళ్లి అప్పటికి ఒక రోజు 19 గంటలు మాత్రమే అయింది.

ఇక్కడే కిటుకంతా ఉంది. సూర్యుడికి వృషభ రాశి దాటడానికి 31 రోజుల 6 గంటల పైచిలుకు పడుతుంది. ఆ విడత చంద్రుడికి ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు పట్టింది 29 రోజుల 7 గంటలకు కాస్త తక్కువ. సూర్యుడు ముందుగా బయలుదేరిన ఒక రోజు 19 గంటలను 29 రోజుల 7 గంటలకు కలిపితే 31 రోజుల 2 గంటలు. సూర్యుడు వృషభంలోనే ఉన్నాడు, ఇంకా నాలుగున్నర గంటలు కావాలి. ఆలోపే జూన్ 15 ఉదయం 8.24కు అమావాస్య ముగిసింది. నెల మొదలైనప్పుడు వృషభంలో ఉన్న సూర్యుడు నెల ముగిసేటప్పటికీ వృషభంలోనే ఉన్నాడు. ఆ నెలలో ఏ రాశిలోనూ ప్రవేశించలేదు. అదీ అధిక జ్యేష్ఠం. జూన్ 15 మధ్యాహ్నపు మిథున సంక్రమణం తరువాతి నెలకు చెందుతుంది, అందుకే జూలై 14 మధ్యాహ్నం 3 గంటల 13 నిమిషాల దాకా నడిచేది నిజ జ్యేష్ఠం.

మీ సందేహం ఎక్కడ పుట్టిందంటే, మనం తిథిని సూర్యోదయం వేళ ఉన్నదాన్ని బట్టి రోజుకు అంటగడతాం. జూన్ 15 సూర్యోదయానికి అమావాస్య ఉంది కాబట్టి గడిలో అమావాస్య అని వేశారు. సంక్రమణం కూడా ఆ రోజే కాబట్టి అదీ వేశారు. గడి ఒకటే, నెలలు మాత్రం రెండు. పంచాంగంలో తిథి పక్కన ఉండే "ఉ. 8.24 వరకు" అన్న చిన్న అక్షరాలు చదివితే గానీ ఇది బయటపడదు. గోడ క్యాలెండర్‌లో చాలాసార్లు ఆ సమయాలు ఉండవు, అందుకే ఇలాంటి దగ్గర లెక్కలకు దాన్ని నమ్ముకోకూడదు.

అమెరికాలో ఉండే మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు, అక్కడ అధిక మాసం మారుతుందా అని. మారదు. అమావాస్య ముగియడమూ సంక్రమణమూ భూమి మొత్తానికీ ఒకే క్షణంలో జరుగుతాయి, ఏది ముందన్నది ఎక్కడైనా ఒకటే. గడియారం మాత్రమే మారుతుంది. న్యూయార్క్‌లో అమావాస్య జూన్ 14 రాత్రి 10.54కు ముగుస్తుంది, సంక్రమణం జూన్ 15 తెల్లవారుజామున పడుతుంది. అక్కడి తేదీలతో వేసిన పంచాంగం చూస్తే మీకు వచ్చిన సందేహమే రాదు, రెండూ వేరు వేరు గడుల్లో ఉంటాయి.

ఇంట్లోనే సరిచూసుకోవాలంటే పంచాంగంలో వరసగా రెండు అమావాస్యలు ముగిసే సమయాలు రాసుకోండి. ఆ మధ్యలో ఏదైనా సంక్రమణ సమయం ఉందేమో చూడండి. ఉంటే మామూలు నెల, లేకపోతే అధికం. ముందుగానే పసిగట్టాలంటే ఇంకో గుర్తు ఉంది. అమావాస్యకు ఒకటి రెండు రోజుల ముందే సంక్రమణం పడిపోయిందంటే తరువాతి నెల అధికమయ్యే అవకాశం ఎక్కువ. వారం ముందు పడితే అసలు అనుమానమే అక్కర్లేదు, ఆ నెల అధికం కాదు.

ఇదంతా ఎందుకు జరుగుతుందంటే, పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు, సూర్యుడు పన్నెండు రాశులు తిరగడానికి 365 రోజుల పైన. ఏటా దాదాపు 11 రోజులు చంద్రుడు ముందుకు పోతాడు. ఆ మిగులు ఒక నెలంత అయినప్పుడు ఒక చాంద్రమాసం పూర్తిగా ఒకే రాశిలో ఇమిడిపోతుంది. సగటున ఇది 32 నెలల 16 రోజుల 4 ఘడియలకు ఒకసారి జరుగుతుందని పెద్దలు శ్లోకంలోనే చెప్పారు. సూర్య సిద్ధాంతంలో ఒక మహాయుగానికి 5,18,40,000 సౌరమాసాలు, 15,93,336 అధిక మాసాలు అని ఉంది. భాగించి చూడండి, దాదాపు ఆ 32 నెలల 16 రోజుల 4 ఘడియలే వస్తుంది.

అయితే అది సగటు మాత్రమే, దాన్ని పట్టుకుని ముందు సంవత్సరాలకు అధికం లెక్క వేయకూడదు. "మూడేళ్లకు ఒకసారి" అనుకోవడమూ పొరపాటే. 2018లో మే 16న అధిక జ్యేష్ఠం మొదలైంది, తరువాతిది 2020 సెప్టెంబరు 18న అధిక ఆశ్వయుజం. మధ్య 28 నెలలే. ఆ తరువాతిది 2023 జూలై 18న అధిక శ్రావణం, అక్కడికి 34 నెలలు. సగటు కన్నా గట్టిగా నిలబడేది పందొమ్మిదేళ్ల చక్రం. 19 సౌర సంవత్సరాల్లో 228 సౌరమాసాలు, అదే కాలంలో దాదాపు సరిగ్గా 235 చాంద్రమాసాలు, అంటే ఏడు అధికాలు. 2026 నుంచి పందొమ్మిదేళ్లు వెనక్కి వెళితే 2007లో కూడా అధిక జ్యేష్ఠమే, అదీ మే 17 నుంచి జూన్ 15 దాకానే. ఇది కూడా ఎల్లకాలం నిలిచేది కాదు, కొన్ని చక్రాలు తిరిగేసరికి గంటల తేడా పేరుకుని పక్క నెలకు జారుతుంది. అందుకే చివరి మాట ఎప్పుడూ సంక్రమణ సమయానిదే.

అధికాలు చాలావరకు వేసవి, వర్షాకాలపు నెలల్లోనే ఎందుకు వస్తాయని కొందరు గమనించి అడుగుతారు. జూలై మొదట్లో భూమి సూర్యుడికి దూరంగా ఉంటుంది, మనకు సూర్యుడు నెమ్మదిగా నడుస్తున్నట్టు కనిపిస్తాడు. మిథున రాశి దాటడానికి 31 రోజుల 11 గంటలు పడుతుంది. అంత వెడల్పైన రాశిలో 29 రోజుల పైచిలుకు చాంద్రమాసం హాయిగా ఇముడుతుంది. జనవరి మొదట్లో భూమి దగ్గరగా ఉండటంతో సూర్యుడు చురుగ్గా కదులుతాడు, ధనుస్సు 29 రోజుల 11 గంటల లోపే దాటేస్తాడు. అక్కడ చాంద్రమాసం ఇమడటం చాలా కష్టం. పైగా ఆ రోజుల్లో తలకిందులుగా ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడి ఒక నెల పేరే ఎగిరిపోవచ్చు. దాన్ని క్షయ మాసం అంటారు. 1982-83లో అలా జరిగింది. ఆ సంవత్సరం క్షయానికి ముందు అధిక ఆశ్వయుజం, వెనక అధిక ఫాల్గుణం, రెండు అధికాలు వచ్చాయి.

ఇక పండుగలు. అధికానికి ముందు అయిపోయినవాటికి ఏమీ కాదు. 2026లో ఉగాది, శ్రీరామనవమి, అక్షయ తృతీయ, వైశాఖ బహుళ దశమి నాటి హనుమజ్జయంతి మామూలుగా నిరుటి కన్నా 10, 11 రోజులు ముందుగా వచ్చేశాయి. జ్యేష్ఠం నుంచే తేడా కనిపిస్తుంది. ఏరువాక పున్నమి చూడండి. జ్యేష్ఠ పూర్ణిమ అనుకుని మే 31న చేసుకుంటే అది అధిక జ్యేష్ఠ పూర్ణిమ. నిజ జ్యేష్ఠ పూర్ణిమ జూన్ 29న. 2025లో అది జూన్ 11నే వచ్చింది.

ఆలస్యం ఎన్ని రోజులన్నది వినాయక చవితితో విప్పి చూపిస్తాను, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే. 2024లో చవితి సెప్టెంబరు 7, 2025లో ఆగస్టు 27. పదకొండు రోజులు ముందుకు జరిగింది. అధికం లేకపోయి ఉంటే 2026లో మరో పదకొండు రోజులు జరిగి ఆగస్టు 16న పడేది. కానీ మధ్యలో ఒక నెల చేరడంతో ఆ ఆగస్టు 16 శ్రావణ శుద్ధ చవితి అయింది, భాద్రపద చవితి సెప్టెంబరు 14కు వెళ్లింది. అంటే రావలసిన చోటు నుంచి నెల జరిగింది, నిరుటి తేదీ నుంచి మాత్రం 18 రోజులే జరిగింది. మీరు ఏ పండుగ తీసుకున్నా లెక్క ఇంతే: ముప్పైలోంచి పదకొండు తీసేస్తే మిగిలేది, తిథుల హెచ్చుతగ్గులతో ఒక రోజు అటూ ఇటూ.

ఆ లెక్కన తొలి ఏకాదశి 2025లో జూలై 6, 2026లో జూలై 25. ఆషాఢం నిరుటిలా జూన్ 26న కాక జూలై 15న మొదలవుతుంది కాబట్టి హైదరాబాద్ బోనాలూ, కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట్లో గడిపే నెలా ఆగస్టు రెండో వారం దాకా సాగుతాయి. శ్రావణ శుక్రవారాలు ఆగస్టు 14 నుంచి. విజయదశమి అక్టోబరు 2 నుంచి అక్టోబరు 20కి, దీపావళి అక్టోబరు 20 నుంచి నవంబరు 8కి, కార్తీక పూర్ణిమ నవంబరు 5 నుంచి నవంబరు 24కు వెళతాయి. ఇంగ్లీషు సంవత్సరం మారినంత మాత్రాన ప్రభావం ఆగదు. మహాశివరాత్రి 2026లో ఫిబ్రవరి 15 అయితే 2027లో మార్చి 6. ఉగాది మార్చి 19 నుంచి 2027లో ఏప్రిల్ 7కు వస్తుంది. అక్కడి నుంచి మళ్లీ ఏటా 10, 11 రోజులు ముందుకు జరగడం మొదలవుతుంది. 2027 వినాయక చవితి సెప్టెంబరు 4నే.

జరగనివి సూర్యుణ్ణి పట్టుకుని ఉన్నవి. మకర సంక్రాంతి అసలు తిథి పండుగే కాదు, సూర్యుడు మకరంలో ప్రవేశించే రోజు, కాబట్టి జనవరి 14, 15 దగ్గరే ఉంటుంది. ధనుర్మాసమూ అంతే. ముక్కోటి ఏకాదశిది మాత్రం విచిత్రమైన లెక్క, ఇది చాలామందికి తెలియదు. అది తిథి పండుగే, కానీ నెల పేరుతో కాక ధనుర్మాసంలో పడే శుద్ధ ఏకాదశి అన్న గుర్తుతో నిర్ణయిస్తారు. 2025లో డిసెంబరు 30న వచ్చింది, అది పుష్య శుద్ధ ఏకాదశి. 2026లో అది డిసెంబరు 20న, మార్గశిర శుద్ధ ఏకాదశి నాడు. మిగతా పండుగలన్నీ ఆలస్యమైన ఏడాదిలో ఇది పది రోజులు ముందుకు వచ్చింది. ఇందులో తప్పేమీ లేదు.

సూర్యుడి లెక్క, చంద్రుడి లెక్క పక్కపక్కన పెట్టి చూడాలంటే తిరుమలను మించిన ఉదాహరణ లేదు. అధిక మాసం వచ్చిన సంవత్సరం అక్కడ రెండు బ్రహ్మోత్సవాలు చేస్తారు. సాలకట్ల బ్రహ్మోత్సవాలు కన్యా మాసాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, నవరాత్రి బ్రహ్మోత్సవాలు చాంద్రమానపు ఆశ్వయుజాన్ని అనుసరిస్తాయి. మామూలు ఏడాదిలో రెండూ కలిసిపోతాయి, అధికం వస్తే విడిపోతాయి. 2023లో మొదటివి సెప్టెంబరు 18న, రెండోవి అక్టోబరు 15న మొదలయ్యాయి.

అధికం ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి చిక్కు కూడా మారుతుంది. జ్యేష్ఠం అధికమైతే పండుగల పరంగా పెద్ద గందరగోళం ఉండదు, ఎందుకంటే ఆ నెలలో పెద్ద పండుగలు తక్కువ. దెబ్బ పెళ్లిళ్ల మీద పడుతుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, ఉపనయనాలకు ముహూర్తాలు పెట్టరు, అది సరిగ్గా వేసవి సెలవుల కాలం. ఆశ్వయుజం అధికమైతే ఇబ్బంది ఎక్కువ. 2020లో సెప్టెంబరు 17న మహాలయ అమావాస్య అయింది. మామూలుగా మర్నాడే నవరాత్రులు మొదలవాలి. మధ్యలో అధిక ఆశ్వయుజం దూరడంతో అక్టోబరు 17 దాకా ఆగవలసి వచ్చింది. భాద్రపద అమావాస్యతో మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మను ఆ అమావాస్యకే ఆడాలా, నవరాత్రులకు ముందు వచ్చే అధికపు అమావాస్యకు ఆడాలా అని తెలంగాణలో అప్పుడు పెద్ద చర్చే నడిచింది. 2026లో ఆ బెడద లేదు. అధికం ముందే అయిపోయింది కాబట్టి అక్టోబరు 10న అమావాస్య, 11న నవరాత్రులు, వరస చెదరలేదు.

ఉత్తరాదిలో ఉద్యోగాలు చేసేవారికి ఒక మాట. అక్కడ నెల పున్నమితో ముగుస్తుంది కాబట్టి వాళ్ల క్యాలెండర్‌లో నిజ జ్యేష్ఠపు బహుళ పక్షం ముందు, మధ్యలో రెండు అధిక పక్షాలు, చివర నిజ జ్యేష్ఠపు శుద్ధ పక్షం కనిపిస్తాయి. అధిక మాసపు రోజులు మాత్రం మనవే, మే 17 నుంచి జూన్ 15. పండుగల తేదీలు కూడా దీనివల్ల మారవు.

చివరగా, పండుగల కన్నా జాగ్రత్తగా చూసుకోవలసినవి ఇంట్లో పెద్దల తిథులు. జ్యేష్ఠ మాసంలో పోయినవారి ఆబ్దికం 2026లో ఎక్కువ ఇళ్లలో నిజ జ్యేష్ఠంలోనే పెడతారు, కొన్ని ఇళ్లలో రెండు నెలల్లోనూ పెట్టే ఆచారం ఉంది. అధిక జ్యేష్ఠంలోనే పోయినవారికి మామూలు సంవత్సరాల్లో జ్యేష్ఠంలో అదే తిథికి, మళ్లీ అధిక జ్యేష్ఠం వచ్చిన ఏడు అధికంలో పెట్టడం పద్ధతి. ప్రథమాబ్దికం సంగతి వేరు. 2025 జ్యేష్ఠంలో పోయినవారికి పన్నెండు నెలలు అధిక జ్యేష్ఠంతోనే నిండుతాయి కాబట్టి దాన్ని అధికంలోనే పెట్టమని ధర్మశాస్త్ర నిర్ణయం ఉంది. ఆ తరువాతి నెలల్లో, అంటే 2025 ఆషాఢం మొదలు 2026 వైశాఖం దాకా పోయినవారికి తొలి ఏడాదిలో అధికం మధ్యలో పడుతుంది, అందువల్ల మాసికాలు పన్నెండు కాక పదమూడు అవుతాయి. ఈ ఒక్క విషయంలో ఇంటి ఆచారానిదే పైచేయి. మీ పురోహితుడితో మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు తేదీ చెప్పి ఊరుకోకండి, పోయిన వేళకు ఏ తిథి నడుస్తోందో, ఆ నెల అధికమా నిజమా అన్నది కూడా రాసి ఇవ్వండి. 2018 మే 16కూ జూన్ 13కూ మధ్య పోయినవారు మీ ఇంట్లో ఉంటే వారిది అధిక జ్యేష్ఠ తిథి. అది మళ్లీ అధికంలో వచ్చేది 2026లోనే.